పక్కాయన పది లక్షలు, బీమా కంపెనీ పన్నెండు లక్షలు: రెండూ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. యంత్రాలకు 30 లక్షలకు అగ్నిప్రమాద బీమా ఉంది. పక్క షెడ్డులో వెల్డింగ్ చేస్తుంటే నిప్పురవ్వలు ఎగిరి మా వైపు అంటుకుంది. 20 లక్షల నష్టమని సర్వేయరే తేల్చాడు. తీరా ఇస్తామంటున్నది 12 లక్షలు. యంత్రాల విలువ 50 లక్షలట, నేను తక్కువకు బీమా చేశానట. అది చాలదన్నట్టు, పక్కాయన మీద నాకున్న హక్కులన్నీ కంపెనీకి ఇచ్చేస్తున్నట్టు ఒక కాగితం మీద సంతకం అడుగుతున్నారు. పక్కాయనేమో కేసులూ గొడవలూ వద్దు, 10 లక్షలు ఇస్తాను, రాసుకుందాం అంటున్నాడు. ప్రెస్ మూతపడి రెండు నెలలైంది. ఇన్నేళ్లూ ప్రీమియం కట్టింది నేను, నష్టపోయిందీ నేనే. రెండూ తీసుకుంటే తప్పేంటండీ?

జవాబు: ముందు పక్కాయన రాసుకుందామంటున్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఆయన దగ్గర డబ్బు తీసుకోకూడదని కాదు. అలాంటి కాగితాల్లో 'ఇకమీదట నాకు ఎలాంటి బాకీ లేదు, దావా వేయను' అనే వాక్యం దాదాపు ఖాయంగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం మీ 12 లక్షలకు ఎసరు పెట్టగలదు. బీమా కంపెనీ ఇచ్చిన కాగితం మీద కూడా ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి. దానితో వచ్చే చిక్కు వేరు. రెండింటి సంగతీ చెప్తాను.

12, 10 కలిపితే 22 లక్షలు. యంత్రాలకు జరిగిన నష్టం 20 లక్షలు. మీ ప్రశ్నకు జవాబు ఆ మిగిలిన రెండు లక్షల్లో ఉంది. అగ్నిప్రమాద బీమా నష్టపరిహార ఒప్పందం. ఇండెమ్నిటీ అంటారు. మంట అంటుకునే ముందు మీరు ఏ స్థితిలో ఉన్నారో, డబ్బు రూపంలో అక్కడి దాకా తీసుకెళ్లడం దాని పని. అక్కడ ఆగిపోతుంది. మీరు కట్టిన ప్రీమియం ఎక్కడో జమ అయి ఉన్న పొదుపు కాదు. ఆ ఏడాది మీ నష్టభయాన్ని కంపెనీ మోసినందుకు ఇచ్చిన ధర. మంటలు లేని సంవత్సరాల్లో మీ ప్రీమియం ఇంకెవరి మంటకో ఖర్చయింది. ఈ సంవత్సరం ఇంకెందరి ప్రీమియమో మీకు వస్తోంది.

ఈ గీత అంత గట్టిగా గీయడానికి కారణం తెలిసిందే. కాలిపోతే ఉన్నదానికంటే ఎక్కువ వస్తుందంటే, కాలబెట్టేవాళ్లు తయారవుతారు. బ్రిటిష్ పార్లమెంటు 1745 నాటి సముద్ర బీమా చట్టంతో, ఓడలోగానీ సరుకులోగానీ ఏ ఆర్థిక ప్రయోజనమూ లేనివాళ్లు తీసుకునే పాలసీలను చెల్లవని తోసిపుచ్చింది. ఓడ మునిగితే లాభపడే మనుషులు ఎక్కువైతే ఓడలు మునుగుతాయని అప్పటికే అనుభవమైంది.

అయితే ఈ సూత్రం మోసగాళ్ల కోసం మాత్రమే కాదు. 1883లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తేల్చిన క్యాస్టలైన్ వర్సెస్ ప్రెస్టన్ కేసులో మోసం అనే మాటే లేదు. ప్రెస్టన్ తదితరులు తమ ఆస్తిని 3,100 పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం రాసుకున్నారు. డబ్బు పూర్తిగా చేతులు మారకముందే అగ్నిప్రమాదం జరిగింది. బీమా కంపెనీ 330 పౌండ్లు చెల్లించింది. తర్వాత కొన్నవాళ్లు ఒప్పందం ప్రకారం మొత్తం ధర ఇచ్చేశారు, మంట వల్ల పైసా తగ్గించలేదు. అంటే అమ్మినవాళ్లకు చివరికి నష్టమే మిగల్లేదు. బీమా కంపెనీ తన 330 పౌండ్లు తిరిగి అడిగింది, కోర్టు ఇప్పించింది. నష్టం రెండో దారిలో పూడితే మొదటి దారిలో వచ్చిన డబ్బు లెక్కలోకి రావాల్సిందే. మీ విషయంలో ఆ రెండో దారి పక్కాయన.

ఇప్పుడు 20 లక్షల నష్టానికి 12 ఎందుకు అన్నది. కోపం వచ్చేది ఇక్కడే, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం దీని గురించే. 50 లక్షల యంత్రాలకు 30 లక్షల బీమా అంటే విలువలో 60 శాతానికే ప్రీమియం కట్టారు. మిగతా 40 శాతానికి మీకు మీరే బీమాదారు. కాబట్టి నష్టం ఎంతైనా అందులో 60 శాతం కంపెనీది, 40 శాతం మీది. 20 లక్షల్లో 60 శాతం 12 లక్షలు. దీన్ని కొన్ని చోట్ల యావరేజ్ క్లాజు అంటారు, కొన్ని చోట్ల కోఇన్సూరెన్స్ అంటారు. ఆరోగ్య బీమాలో బిల్లులో ఇంత శాతం రోగి కట్టుకోవాలనే షరతు వేరు, దాన్ని దీనితో కలపకండి.

నష్టం 20, పాలసీ 30, పాలసీలోపలే ఉంది కదా మొత్తం ఇవ్వొచ్చు కదా అని అందరూ అడుగుతారు. అగ్నిప్రమాదాల్లో అన్నీ బూడిదయ్యేవి తక్కువ. ఎక్కువ భాగం ఒక మూలో, ఒక గదో కాలి ఆగిపోయేవే. ఈ సంగతి తెలిసినవాడు 50 లక్షల ఆస్తికి 20 లక్షలకే బీమా చేసి, ప్రీమియంలో సగానికి పైగా మిగుల్చుకుని, జరిగే నష్టాల్లో చాలావాటికి పూర్తి డబ్బు పట్టుకుపోతాడు. నిజాయతీగా 50 లక్షలకు చేసినవాడు అతని మిగులును భరిస్తాడు. క్లెయిమ్ లాభం కాకూడదన్న సూత్రం ఇక్కడ ప్రీమియం వైపు నుంచి పనిచేస్తోంది. మీరు అలా లెక్కలేసుకుని చేశారని నేను అనడం లేదు. సాధారణంగా జరిగేది ఏంటంటే, మొదట్లో సరిపడా చేసి, మధ్యలో ఒక యంత్రం కొని, ధరలు పెరిగి, పాలసీ మాత్రం ఏటా పాత అంకెతోనే రెన్యూ అవుతుంది. లెక్కలోకి వచ్చేది నష్టం జరిగిన రోజు విలువ, మీరు పాలసీ తీసుకున్న రోజు విలువ కాదు.

కానీ ఆ 50 లక్షలు ఎలా వచ్చిందో ఒకసారి చూడండి. మీకు డబ్బు దొరికే చోటు ఇదే కావచ్చు. యంత్రాల విలువ రెండు రకాలుగా కట్టొచ్చు. కొత్తది ఇప్పుడు కొనాలంటే ఎంత అన్నది ఒకటి. వాడకానికీ వయసుకూ తరుగుదల తీసేశాక ఎంత అన్నది రెండోది. మీ పాలసీ ఏ పద్ధతిది అన్నది షెడ్యూల్లోనో, దానికి జతచేసిన క్లాజుల్లోనో రాసి ఉంటుంది. ఏ పద్ధతైనా నష్టానికీ, మొత్తం విలువకూ ఒకే కొలత వాడాలి. కొన్ని సర్వే రిపోర్టుల్లో నష్టాన్ని తరుగుదల తీసి చిన్నది చేస్తారు, మొత్తం విలువను మాత్రం కొత్త ధరతో పెద్దది చేస్తారు. కావాలని చేశారని అనలేం. యంత్రాల జాబితా అమ్మినవాడి కొటేషన్ నుంచి వస్తుంది, నష్టం లెక్క వేరే పట్టికలో వేస్తారు. రెండూ కలిసే చోట ఎవరూ చూడరు.

మీ అంకెలతోనే చూద్దాం. 50 లక్షలు కొత్త ధర అనుకోండి. తరుగుదల పోగా అన్ని యంత్రాలూ కలిపి 40 లక్షలు అనుకోండి. పాలసీ తరుగుదల పద్ధతిది, నష్టం 20 లక్షలన్నది కూడా తరుగుదల తీసిన అంకె. అప్పుడు పోల్చాల్సింది 30ని 40తో. అది 75 శాతం. 20 లక్షల్లో 75 శాతం 15 లక్షలు. ఒక్క అంకె సరైన గడిలో పడినందుకు మూడు లక్షల తేడా. అదే మీ పాలసీ కొత్త ధర పద్ధతిదైతే, 50 సరైనదే, కానీ నష్టంలోనుంచి తరుగుదల తీయకూడదు. కాలిన భాగం కొత్తది పెట్టే ఖర్చు 20 కంటే ఎక్కువే ఉండాలి. ఎటు చూసినా ఒకచోట తరుగుదల తీసి ఇంకోచోట తీయకపోతే అది తప్పే. సర్వే రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడగండి. యంత్రాలవారీగా వయసు, తీసిన తరుగుదల శాతం, స్క్రాప్ విలువ ఉన్న పట్టిక కావాలని స్పష్టంగా రాయండి. స్క్రాప్ సంగతి ఎందుకంటే, కాలిన యంత్రాల తుక్కు మీ దగ్గరే ఉంటే దాని విలువ నష్టంలోంచి తీసేస్తారు, అది న్యాయమే. తీసేసి కూడా తుక్కు పట్టుకుపోతామంటే ఒప్పుకోకండి.

క్లాజు కూడా చదవండి. అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని పాలసీలు స్వల్పమైన తేడాను పట్టించుకోవు. అమెరికాలో బాగా వాడే పద్ధతిలో విలువలో 80 శాతానికి బీమా ఉంటే చాలు, కోత ఉండదు. అంతకంటే తక్కువైతే, ఉండాల్సిన 80 శాతంతో పోల్చి కోస్తారు. అలాంటి క్లాజు మీదైతే 50లో 80 శాతం 40, మళ్లీ 30ని 40తోనే పోల్చాలి.

ఇక సంతకం అడుగుతున్న కాగితం. దీన్ని సబ్రొగేషన్ లెటర్ అంటారు. బీమా కంపెనీ మీకు డబ్బిచ్చాక, నష్టం చేసినవాడి మీద మీకున్న హక్కును మీ స్థానంలో నిలబడి వాడుకుంటుంది. ఇది లేకపోతే రెండే దారులు. మీరు ఇద్దరి దగ్గరా వసూలు చేసుకోవడం ఒకటి, వెల్డింగ్ చేసినవాడు మీ ప్రీమియం పుణ్యమా అని తప్పించుకోవడం రెండోది. రెండూ బాగోవు. ఆ హక్కు మీ హక్కే, అంతకంటే పెద్దది కాదు. మీరూ పక్కాయనా గతంలో అగ్నిప్రమాదాలకు ఒకరి మీద ఒకరం దావా వేయం అని రాసుకుని ఉంటే, కంపెనీకి కూడా దావా వేసే వీలు ఉండదు.

అందుకే పక్కాయన కాగితం ప్రమాదం. మీరు 10 లక్షలు తీసుకుని ఇక బాకీ లేదని రాసిస్తే, కంపెనీ నిలబడాల్సిన స్థానమే పోతుంది. తన హక్కును మీరు చెడగొట్టారని కంపెనీ అంటుంది. తాను వసూలు చేసుకోగలిగి ఉండేది క్లెయిమ్‌లో తగ్గిస్తుంది, ఇచ్చేసి ఉంటే తిరిగి అడుగుతుంది, కొన్ని పాలసీల షరతుల ప్రకారం క్లెయిమ్ మొత్తాన్నే నిరాకరించే ప్రయత్నం చేస్తుంది. 22 లక్షలు వస్తాయనుకున్న మనిషి 10 లక్షలతో మిగిలిపోవచ్చు.

కంపెనీ కాగితంలో చూడాల్సింది ఒక్క మాట. 'చెల్లించిన మేరకు' అని ఉందా, 'సమస్త హక్కులూ' అని ఉందా? మొదటిది మామూలు సబ్రొగేషన్. కంపెనీ ఇచ్చిన 12 లక్షల దాకా దాని హక్కు, మిగతా 8 లక్షలు మీవే. రెండోది, ముఖ్యంగా పూర్తిగా బదిలీ చేస్తున్నట్టు ఉంటే, పక్కాయన దగ్గర వచ్చిందంతా కంపెనీదే అని వాదించే వీలిస్తుంది. మీరు రాసిన 'హక్కులన్నీ' అన్న మాట చూస్తే నాకు అదే అనుమానం. బీమా లేని భాగానికీ, పాలసీ పరిధిలోకి రాని నష్టాలకూ నా హక్కులు నాకే ఉంటాయి అని ఒక వాక్యం చేర్చమని అడగండి. ఇది అసాధారణమైన కోరిక కాదు. డబ్బు అందకముందే తేదీ లేకుండా సంతకం చేసి ఇవ్వకండి. ఆ హక్కు మామూలుగా చెల్లింపు తర్వాతే పుడుతుంది.

పక్కాయన నిజంగా 10 లక్షలే ఇవ్వగలడనుకుందాం. ఎవరికెంత? బీమా లేని 40 శాతానికి మీరే బీమాదారు అన్నాం కదా. ఆ లెక్కనే కొనసాగిస్తే వచ్చిన 10 లక్షల్లో 6 కంపెనీకి, 4 మీకు. అప్పుడు మీకు మొత్తం 16. ఇంకో పద్ధతిలో, ముఖ్యంగా అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో, బాధితుడి నష్టం పూర్తిగా పూడాకే కంపెనీ వంతు అంటారు. అలా అయితే మొదటి 8 మీవి, 2 కంపెనీకి, మీకు మొత్తం 20. ఏది వర్తిస్తుందో పాలసీ మాటలూ అక్కడి చట్టమూ చెప్పాలి. కానీ ఏ పద్ధతిలోనూ 20 దాటలేదు, గమనించండి. పక్కాయన మొత్తం 20 కడితే ఏ గొడవా లేదు, 12 కంపెనీకి, 8 మీకు. మీకు దక్కాల్సిన ఎనిమిది లక్షలు పక్కాయన దగ్గర న్యాయంగానే రావాలి. మీరు దాన్ని అదనంగా వచ్చేదిగా చూస్తున్నారు, అది మీ సొంత నష్టమే.

మీరు ఉత్తరం చివర్లో పడేసినట్టు రాసిన సంగతి ఒకటుంది, ప్రెస్ రెండు నెలలుగా మూతపడి ఉందని. యంత్రాల పాలసీ సాధారణంగా ఆగిపోయిన వ్యాపారానికి ఇవ్వదు, దానికి వేరే కవర్ ఉండాలి. మీకు అది లేదనే అనుకుంటున్నాను. కానీ తప్పు పక్కాయనదని రుజువైతే, పోయిన ఆర్డర్ల ఆదాయం, ఊరికే కట్టిన అద్దె, జీతాలు ఆయన దగ్గర అడగొచ్చు. ఆ భాగంలో కంపెనీ పైసా ఇవ్వలేదు కాబట్టి దానికి వాటా లేదు. ఉదాహరణకు అది 3 లక్షలైతే, మీ అసలు నష్టం 23. అప్పుడు 22 తీసుకున్నా అది లాభం కాదు కదా అని మీరు అనొచ్చు, ఆ వాదనలో బలం ఉంది. చిక్కేంటంటే, 10 లక్షలు దేనికిచ్చారో రాయకుండా మొత్తంగా ఇస్తే, అదంతా యంత్రాలకే అని కంపెనీ పట్టుబడుతుంది. యంత్రాలకు ఇంత, పని ఆగినందుకు ఇంత అని ఒప్పందంలో విడివిడిగా ఉండాలి. అంకెలు ఊహించి రాస్తే నిలవవు. గత సంవత్సరం అవే నెలల బిల్లు పుస్తకాలు, రద్దయిన ఆర్డర్ల ఉత్తరాలు, జీతాల రిజిస్టరు తీసి పెట్టుకోండి.

ఈ సూత్రం మీకొక్కరికే సంకెళ్లు వేస్తుందని అనుకోకండి. 1945లో ఒక ఓడ కెనడా నౌకాదళపు నౌకతో ఢీకొని మునిగింది. బీమా సంస్థలు యజమానికి 72,000 పౌండ్లు ఇచ్చాయి. కెనడా ప్రభుత్వం నుంచి పరిహారం వచ్చేసరికి మధ్యలో 1949లో పౌండు విలువ పడిపోయింది, కెనడా డాలర్లను మార్చితే దాదాపు 1,27,000 పౌండ్లయింది. అంతా మాదే అన్నాయి బీమా సంస్థలు. ఇంగ్లండ్ కోర్టు ఒప్పుకోలేదు. ఇచ్చింది 72,000, తీసుకునేది కూడా అంతే, మిగిలింది ఓడ యజమానిది అంది. బీమా కంపెనీకి కూడా మీ క్లెయిమ్ లాభం కాకూడదు. నష్టాన్ని మించి మీకు డబ్బు మిగిలే అరుదైన అవకాశం ఇలాంటి కరెన్సీ వింతల్లోనే ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోలేం.

ఇదంతా జీవిత బీమాకు వర్తించదు. మనిషి ప్రాణానికి ముందటి స్థితి అని లెక్కగట్టలేం కాబట్టి అక్కడ రాసుకున్న మొత్తం ఇస్తారు. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా 'మా అన్నకు రెండు పాలసీల డబ్బూ వచ్చింది' అని చెబితే అది వేరే లెక్క.

ఇప్పుడు చేయాల్సింది. పక్కాయన ఆఫర్ చేసిన సంగతి దాచకండి, రెండు వాక్యాల్లో కంపెనీకి రాసి, కంపెనీ సమ్మతి లేకుండా దేనికీ ఒప్పుకోవడం లేదని చెప్పండి. పక్కాయనకు కూడా ఒక మాట చెప్పండి. తన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి డబ్బిచ్చే బాధ్యతా బీమా ఆయనకు ఉండొచ్చు. ఉంటే, ఆయన తన కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకుని డబ్బిస్తానంటే ఆయన పాలసీకే నష్టం, అలాంటి పాలసీల్లో చాలావాటిలో ఆ షరతు ఉంటుంది. ఆయన బీమా కంపెనీ దిగితే 10 లక్షలు ఆయన జేబులోంచి రావాల్సిన పని లేదు, మొత్తం కూడా 10 దగ్గర ఆగాల్సిన పని లేదు. అప్పుడు మీరు, మీ కంపెనీ, ఆయన కంపెనీ ముగ్గురూ ఒకే ఒప్పందం మీద సంతకం చేయొచ్చు, అందులో ఎవరి వాటా ఎంతో అంకెల్లో ఉంటుంది. ఈలోగా కాలిన యంత్రాలను తుక్కువాడికి అమ్మకండి. వెల్డింగ్ జరిగిన గోడ వైపు ఫొటోలు, అగ్నిమాపక శాఖ రిపోర్టు, ఆ రోజు చూసినవాళ్ల వాంగ్మూలాలు లేకపోతే పక్కాయన మీద మీకూ కంపెనీకీ ఉన్న హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. దావాకు కాలపరిమితి ఉంటుంది, అది మంట రోజు నుంచే లెక్కవుతుందనుకుని నడవండి, క్లెయిమ్ తేలేదాకా ఆగకండి.

మీరు 12 లక్షలు తీసుకుంటూనే మిగతా దానికి పోరాడొచ్చు. చెల్లింపు వోచర్ మీద 'పూర్తి, తుది పరిష్కారంగా' అని అచ్చయి ఉంటే, దాని కిందే 'బీమా విలువ లెక్క మీద నా అభ్యంతరాలకు లోబడి' అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, కాపీ దగ్గర పెట్టుకుని అప్పుడు సంతకం చేయండి. కంపెనీ దానికి అంగీకరించకపోతే, అంగీకరించడం లేదన్న మాట ఈమెయిల్లో పంపమని అడగండి.